వెయ్యి లేయర్ కోళ్లకు ఊక పరుపా, కేజ్‌లా? తేల్చుకోవడం ఎలా

లేయర్ కోళ్లు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, నేల మీద ఊక పోసి డీప్ లిట్టర్‌లో పెంచాలా, కేజ్‌లు కొనాలా అని. అనపర్తి, తణుకు వైపు వేలకు వేలు కోళ్లున్న పెద్ద ఫారాల్లో ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం, అక్కడ దాదాపు అన్నీ కేజ్‌లే. ఐదు వందల నుంచి రెండు వేల కోళ్ల దాకా పెట్టేవాళ్లకే ఇప్పటికీ రెండు దారులూ తెరిచి ఉన్నాయి. అందుకే ఇక్కడ వెయ్యి కోళ్ల షెడ్డునే తీసుకుని, ఖర్చు, రోగాలు, గుడ్డు శుభ్రత ఒక్కొక్కటిగా చూద్దాం. స్థలం మీ సొంతం అనుకుందాం. ఊరు కోస్తా జిల్లాల్లో ఉందనుకుందాం, అంటే ఎండాకాలం మండుతుంది, అక్టోబరు, నవంబరులో తుపాను వానలు తప్పవు.

1. కోడి రకం, గుడ్డు కొనేవాళ్లు: ముందు ఈ రెండూ

షెడ్డు గీత గీసే ముందు మీ గుడ్లు ఎవరు కొంటారో కనుక్కోండి. బీవీ-300 లాంటి తెల్ల గుడ్ల కోళ్లు పెట్టి, ట్రేడరుకు జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే నెక్ రేటు చూసుకుని అమ్మేట్టయితే మీ పోటీ పెద్ద ఫారాలతోనే. ఆ రేటులో పావలా తేడా కూడా దాణా ఖర్చు దగ్గరే తేలుతుంది.

అలా కాకుండా గోధుమ రంగు గుడ్డుకు ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారులు దగ్గర్లో ఉంటే లెక్క మారుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారు చేసిన గ్రామప్రియ అలాంటి గుడ్డు పెడుతుంది. ఏడాదికి 200 పైచిలుకు గుడ్లు ఇస్తుంది గానీ బీవీ-300తో సంఖ్యలో పోటీ పడలేదు. గ్రామప్రియను కేజ్‌లో పెట్టి ఇనుము మీద డబ్బు పోయడం నాకైతే అర్థం కాని పని. నేల మీద, పెరట్లో తిరగడానికి తయారైన కోడి అది.

2. కాగితం మీద ఖర్చు లెక్క వేయండి

కింద వేసిన ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊళ్లో మేస్త్రీ చెప్పిన రేటు, ఊక రేటు, దాణా రేటు పెట్టి మళ్లీ వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

డీప్ లిట్టర్‌లో ఒక్కో కోడికి 2 చదరపు అడుగుల నేల కావాలి. వెయ్యి కోళ్లకు 2,000 చదరపు అడుగులు. అడుగుకు 250 రూపాయలు పడితే షెడ్డుకే 5 లక్షలు. మేత తొట్లు, డ్రింకర్లు, గుడ్లపెట్టెలు కలిపి మరో 60 వేలు వేసుకుంటే 5 లక్షల 60 వేలు.

కేజ్‌లకు మూడంతస్తుల కాలిఫోర్నియా కేజ్ తీసుకుందాం. ముందువైపు 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు ఉన్న గూట్లో కంపెనీవాళ్లు నాలుగు కోళ్లు పడతాయంటారు. మూడే వేయండి. నాలుగు వేస్తే ఒక్కో కోడికి దక్కేది 435 చదరపు సెంటీమీటర్లు, మూడైతే 580. ఇరుకైన గూట్లో ఈకలు ఊడటం, పొడుచుకోవడం, ఎండాకాలం వడదెబ్బకు చావడం అన్నీ ఎక్కువవుతాయి. మూడు చొప్పున వేస్తే రెండు వైపులా మూడంతస్తులున్న వరస దాదాపు 70 అడుగుల పొడవు వస్తుంది. నడవడానికి దారులు కలిపితే షెడ్డు 900 చదరపు అడుగుల చిల్లర. రెట్ట కిందికి పడేలా స్తంభాల మీద ఎత్తుగా కట్టాలి కాబట్టి అడుగుకు 400 వేద్దాం. షెడ్డు 3 లక్షల 60 వేలు, కేజ్‌లకు కోడికి 220 చొప్పున 2 లక్షల 20 వేలు. మొత్తం 5 లక్షల 80 వేలు.

చూశారా, పెట్టుబడి దగ్గర పెద్ద తేడా లేదు. «కేజ్ అంటే ఖరీదు, ఊక అంటే చవక» అనే మాట షెడ్డు వైశాల్యం లెక్కలోకి తీసుకోకుండా అనేది. పాత షెడ్డు ఖాళీగా పడి ఉంటే అది వేరే సంగతి, అప్పుడు డీప్ లిట్టర్ నిజంగానే చవక.

అసలు తేడా దాణాలో ఉంది. నేల మీద కోడి నడుస్తుంది, గీరుతుంది, ఎగురుతుంది. దానికి శక్తి కావాలి. పైగా తొట్టి నుంచి ఊకలో ఒలికిన మేత తిరిగి రాదు. కేజ్‌లో 112 గ్రాములతో సరిపెట్టుకునే కోడి నేల మీద 120 తింటుందనుకోండి. ఆ 8 గ్రాములు చూడ్డానికి గుప్పెడు కూడా కాదు. వెయ్యి కోళ్లకు 20వ వారం నుంచి 72వ వారం దాకా, అంటే 364 రోజులకు 2.9 టన్నులు. కిలో 30 రూపాయల చొప్పున 87 వేల పైచిలుకు. దీనికి ఊక ఖర్చు కలపండి. 2,000 చదరపు అడుగుల్లో 4 అంగుళాలు పరచాలంటే సుమారు 2 టన్నుల ఊక పడుతుంది, మధ్యలో పోసేది మరో టన్ను. కిలో 4 రూపాయలైతే 12 వేలు. మొత్తం మీద డీప్ లిట్టర్ ఏడాదికి లక్ష అదనంగా తింటుంది.

ఇప్పుడు ఆ లక్షను గుడ్ల మీద పంచండి. రోజుకు 800 గుడ్లు అనుకుంటే 364 రోజులకు 2 లక్షల 91 వేల గుడ్లు. గుడ్డుకు 35 పైసలు పడుతుంది. నేల మీద పెంచిన గుడ్డుకు 35 పైసలకు మించి ఎవరైనా ఎక్కువ ఇస్తారా? ఇస్తే డీప్ లిట్టర్ గిట్టుబాటు. ట్రేడరు రెండింటినీ ఒకే రేటుకు కొంటే కేజ్ గెలిచింది. గ్రామప్రియ పెట్టేట్టయితే గుడ్ల సంఖ్య తగ్గుతుంది కాబట్టి ఆ 35 పైసలు ఇంకా పెరుగుతాయి, మీ సంఖ్యతో మళ్లీ భాగించుకోండి. బ్యాచ్ అయ్యాక డీప్ లిట్టర్ ఎరువు ఎండుగా, సంచులకెత్తి అమ్మేలా వస్తుంది. కేజ్ కింద రెట్ట తడిగా ఉంటుంది, ట్రాక్టరు లెక్కన పోతుంది. ఆ ఆదాయం కూడా రెండు వైపులా రాసుకోండి.

కూలీ సంగతి వెయ్యి కోళ్ల దగ్గర పట్టించుకోనక్కర్లేదు. రెండు పద్ధతుల్లోనూ ఒక మనిషి ఉండాల్సిందే. నాలుగు వేలు దాటాకే కేజ్ వల్ల మనిషి మిగులుతాడు.

3. డీప్ లిట్టర్ వేస్తే: అంతా తడి మీదే ఉంది

ఊక పరుపుకు వచ్చే రోగం, మురికి గుడ్డు, కంపు, ఈ మూడింటికీ మూలం ఒకటే, తడి. షెడ్డు కట్టేటప్పుడే దీని గురించి ఆలోచించాలి.

తూర్పు పడమరలుగా పొడవు ఉండేలా కట్టండి, ఎండ సూటిగా లోపల పడదు. వెడల్పు 30 అడుగులు దాటితే మధ్యలో గాలి ఆడదు. గచ్చు చుట్టుపక్కల నేల కంటే కనీసం అడుగున్నర ఎత్తు ఉండాలి. చూరు గోడ దాటి మూడు, నాలుగు అడుగులు బయటికి రావాలి. జల్లు లోపలికి కొట్టకుండా ఆపేది ఆ చూరే. తుపాను రోజుల్లో గాలి వచ్చే వైపు పరదా దించండి గానీ నాలుగు వైపులా మూసేయొద్దు. మూసేస్తే లోపలి ఆవిరి ఊకలోకే దిగుతుంది.

వరి ఊక ఎండినది తెచ్చి 4 అంగుళాలు పరచండి. రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు కలపొచ్చు, కానీ వేరుశనగ పొట్టులో బూజు వాసన వస్తే ఒక్క గంప కూడా వద్దు. పరిచాక వారానికి రెండుసార్లు పారతో తిరగేయాలి. కొంచెం కొంచెం కొత్త ఊక కలుపుతూ పోతే కొన్ని నెలలకు 8 నుంచి 12 అంగుళాలవుతుంది. ఎండాకాలంలో మాత్రం మందం పెంచకండి, కింద పులిసే లిట్టర్ వేడి పుట్టిస్తుంది.

రోజూ పొద్దున చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దానికి యంత్రం అక్కర్లేదు. షెడ్డులో నాలుగైదు చోట్ల, ముఖ్యంగా డ్రింకర్ల పక్కన, పైపొర తీసేసి కింద నుంచి గుప్పెడు ఊక తీసి గట్టిగా పిండి వదలండి. అరచేతికి కొద్దిగా అంటుకుని, వదలగానే విడిపోతే బాగున్నట్టు. ముద్దలా అలాగే నిలబడితే తడి ఎక్కువ. అసలు పట్టు లేకుండా దుమ్ము లేస్తే మరీ పొడి, కోళ్లకు తుమ్ములు, కళ్ల మంటలు వస్తాయి. తర్వాత కోడి ఎత్తుకు వంగి రెండు నిమిషాలు అక్కడే ఉండండి. మీ కళ్లు మండితే అమ్మోనియా పెరిగిందన్నమాట. నిలబడి చూస్తే ఇది తెలియదు, కోడి పీల్చే గాలి నేలకు అడుగు ఎత్తులోది.

డ్రింకర్ చుట్టూ నల్లగా, అట్టలు కట్టిన వలయం కనిపిస్తే ఊక మార్చడంతో సరిపెట్టొద్దు. డ్రింకర్ ఎత్తు చూడండి. అంచు కోడి వీపుతో సమానంగా ఉండాలి. కిందికుంటే కోళ్లు నీళ్లు చిమ్ముతాయి. ఎత్తు సరిచేసి, అట్ట కట్టిన భాగం మొత్తం పారతో ఎత్తి బయట పారేసి, కొత్త ఊక పోయండి. అమ్మోనియా కంపుకు చాలామంది సున్నం చల్లుతారు. సున్నం తడిని పీలుస్తుంది, నిజమే, కానీ రెట్టలో ఉన్న అమ్మోనియాను ఒక్కసారిగా పైకి లేపుతుంది. కంపు ఎక్కువున్న రోజు, కోళ్లు లోపలుండగా సున్నం చల్లకండి. సూపర్ ఫాస్ఫేట్ 100 చదరపు అడుగులకు కిలో చొప్పున చల్లి తిరగేస్తే అమ్మోనియా అందులో కట్టుబడుతుంది.

4. రోగాలు: ఏది ఎక్కడ పొంచి ఉంటుంది

డీప్ లిట్టర్‌లో మొదటి శత్రువు రక్తపారుడు, డాక్టర్లు కాక్సీడియోసిస్ అంటారు. రోగమున్న కోడి రెట్టలో పడిన గుడ్ల లాంటి కణాలు తడి, వెచ్చదనం దొరికితే రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి. మిగతా కోళ్లు ఊక గీరి ఏరుకుని తినేటప్పుడు అవి కడుపులోకి పోతాయి. కోళ్లు ఈకలు నిక్కబొడుచుకుని ఒకచోట ముడుచుకోవడం, మేత తగ్గడం, రెట్టలో నెత్తురు జీర కనిపించడం దీని గుర్తులు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చిన్నప్పటి నుంచి ఊక మీదే పెరిగిన పిల్లలకు కొంచెం కొంచెం అంటి, గుడ్లకొచ్చేసరికి తట్టుకునే శక్తి వస్తుంది. కేజ్‌లో పెంచిన పదహారు వారాల పెట్టలను కొనుక్కొచ్చి మీ ఊక మీద వదిలితే వాటికి ఆ శక్తి లేదు. రెండు వారాల్లో గుంపంతా పడిపోవచ్చు. అందుకే డీప్ లిట్టర్ పెట్టేవాళ్లు పెట్టలు కొనే ముందు «ఇవి ఎక్కడ పెరిగాయి?» అని అడగాలి. మందు విషయంలో పశువైద్యుడు చెప్పిందే వాడండి. గుడ్డు పెట్టే కోడికి ఏది పడితే అది ఇస్తే మందు గుడ్డులోకి దిగుతుంది. ఏలికపాములు కూడా ఇదే దారిన, రెట్ట నుంచి నోట్లోకి వస్తాయి.

కేజ్‌లో రెట్ట కోడికి అందదు కాబట్టి రక్తపారుడు, పాములు దాదాపు మాయమవుతాయి. కేజ్‌కున్న అతి పెద్ద లాభం ఇదే, ఒప్పుకోవాలి. బదులుగా వచ్చేవి వేరే. కదలిక లేక, సున్నం గుడ్డు పెంకుకే పోయి, ఎముకలు గుల్లబారిన కోడి గూట్లో పక్కకు ఒరిగి పడిపోతుంది. కళ్లు చురుగ్గానే ఉంటాయి, లేవలేదు. మేత, నీళ్లు అందక చచ్చేది ఎక్కువ. అలాంటి కోడిని వెంటనే తీసి, నేల మీద విడిగా మేత, నీళ్లు అందేలా పెడితే కొన్ని రోజుల్లో చాలావరకు లేస్తుంది. ఒకటి రెండు కాకుండా వరసగా కనిపిస్తే దాణాలో కాల్షియం, ఫాస్ఫరస్ చూపించుకోండి. పిండి సున్నపురాయితో పాటు కొంత ముతక ఆల్చిప్ప ముక్కలు సాయంత్రం మేతలో పడాలి. పెంకు తయారయ్యేది రాత్రి, ముతకది కడుపులో నిలిచి అప్పుడు కరుగుతుంది.

కేజ్ కింద రెట్ట తడిస్తే ఈగలు. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ ఒక్కటి కారితే చాలు, దాని కింద కుప్ప పురుగులతో కదులుతుంది. వేసవిలో ఈగ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం, పది రోజులే. కాబట్టి వారానికోసారి టార్చితో నిపుల్ లైన్ కింద నడవండి, రెట్ట కుప్పల్లో శంకువులా కాకుండా చదునుగా, మెరుస్తూ ఉన్నవెక్కడో చూడండి. వాటి పైనున్న నిపుల్ మార్చండి. కుప్పలు ఎత్తేటప్పుడు అడుగున ఎండిన పొర కొంత ఉంచితే ఈగ పురుగులను తినే పురుగులు అందులో మిగులుతాయి. ఊళ్లోవాళ్లు గొడవ చేసేది కంపు కంటే ఈ ఈగల మీదే.

కొక్కెర రోగానికి, బర్డ్ ఫ్లూకు ఊక, కేజ్ అనే తేడా లేదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కేజ్ ఎవరినీ కాపాడలేదు. అది వచ్చేది చెప్పుల మీద, ట్రేల మీద, దాణా బండి చక్రాల మీద, అడవి పక్షుల రెట్ట మీద. వాడేసిన అట్ట ట్రేలు తిరిగి తీసుకోకండి, ప్లాస్టిక్ ట్రేలైతే గేటు బయటే కడిగించండి. డీప్ లిట్టర్ షెడ్డుకు పిచ్చుక దూరని వల మరీ ముఖ్యం, ఎందుకంటే లోపలికొచ్చిన పిట్ట రెట్ట నేరుగా కోళ్ల మేత మీద, ఊక మీద పడుతుంది.

5. శుభ్రమైన గుడ్డు కోసం

గుడ్డు కోడి నుంచి బయటికొచ్చేటప్పుడు శుభ్రంగానే వస్తుంది, పైన సన్నని పొర తడిగా ఉండి నిమిషాల్లో ఆరిపోతుంది. మురికి అంతా తర్వాతదే.

డీప్ లిట్టర్‌లో గుడ్లపెట్టెలే కీలకం. ఐదు కోళ్లకొకటి చొప్పున వెయ్యికి 200. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు చాలు. లోపల చీకటిగా ఉండాలి, మెత్తగా ఎండు ఊక ఉండాలి. కోళ్లు గుడ్లకు రాకముందే, 16వ వారంలో పెట్టేయండి. ఆలస్యం చేస్తే అవి మూలలు అలవాటు చేసుకుంటాయి, ఆ అలవాటు మాన్పించడం కష్టం. మొదటి రెండు మూడు వారాలు రోజూ తిరిగి, నేల మీద గుడ్డు కనపడగానే తీసేయండి. ఒక గుడ్డు పడి ఉంటే మిగతా కోళ్లు అక్కడే పెడతాయి. ఆ మూలలో వెలుతురు పెంచండి, లేదా ఒక పలక అడ్డం పెట్టండి. సాయంత్రం గుడ్లు తీశాక పెట్టెలు మూసేయండి. లేకపోతే రాత్రి వాటిలో పడుకుని రెట్ట వేస్తాయి, తెల్లారి మొదటి గుడ్డు దాని మీదే పడుతుంది.

ఎక్కువ గుడ్లు మధ్యాహ్నం లోపే వస్తాయి. కాబట్టి రోజుకు నాలుగుసార్లు ఏరితే అందులో మూడు మధ్యాహ్నం భోజనం లోపు జరగాలి. అప్పుడే ఒకదాని మీద ఒకటి పడి పగలడం, కోళ్లు పగిలినదాన్ని తిని రుచి మరగడం తగ్గుతుంది.

కేజ్‌లో గుడ్డు జారి బయటి తొట్టిలోకి వచ్చేస్తుంది, రెట్ట అంటుకునే అవకాశం తక్కువ. కానీ కేజ్ గుడ్డు అంటే తళతళలాడే గుడ్డు అనుకోకండి. తీగల మీద దుమ్ము, తుప్పు ఉంటే పెంకు మీద చారలు పడతాయి, ఈగలు చుక్కలు పెడతాయి. కేజ్ అసలు నష్టం మురికి కాదు, పగుళ్లు. 18 అంగుళాల లోతుకు ముందువైపు రెండున్నర అంగుళాలు దిగితే చాలు. వాలు అంతకు మించితే గుడ్డు దూసుకొచ్చి తొట్టి అంచుకు తగిలి సన్నగా చిట్లుతుంది, పగటి వెలుతురులో కనపడదు. రెండు గుడ్లు చేతిలో తీసుకుని మెల్లగా తాకించి వినండి, మంచివైతే గట్టిగా మోగుతాయి, చిట్లినదైతే బోలుగా పలుకుతుంది. ఒకే వరసలో పగుళ్లు ఎక్కువొస్తే ఆ వరసలో తీగలు కుంగాయేమో చూడండి. షెడ్డంతా వస్తుంటే తప్పు కేజ్‌ది కాదు, వయసుదో దాణాదో.

మురికి గుడ్లు ఏ పద్ధతిలోవైనా బిందెడు చన్నీళ్లలో ముంచి కడగొద్దు. వెచ్చని గుడ్డు చల్లటి నీళ్లలో పడితే లోపలిది కుంచించుకుని, పెంకు రంధ్రాల గుండా మురికి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. పైన ఉండే కాపలా పొర కూడా పోతుంది. చిన్న మచ్చలైతే సన్న ఎమిరీ కాగితంతో ఎండుగా రుద్దండి. బాగా పట్టినవైతే వేరే ట్రేలో పెట్టి ముందుగా, తక్కువ రేటుకు బేకరీకో హోటలుకో ఇచ్చేయండి. మంచి గుడ్లలో కలిపి పంపితే ట్రే మొత్తం ధర తెగ్గోస్తారు.

6. మీ షెడ్డుకు ఏది

దగ్గర్లో రైస్ మిల్లు, గుడ్డుకు 40, 50 పైసలు ఎక్కువిచ్చే ఖాతా, ఎప్పుడూ షెడ్డు దగ్గరే ఉండే మనిషి, నీళ్లు నిలవని మెరక స్థలం, ఈ నాలుగూ ఉంటే డీప్ లిట్టర్ పెట్టండి. వీటిలో మెరక స్థలం లేకపోతే మిగతా మూడూ ఉన్నా నేను వద్దనే అంటాను. వరి చేల మధ్య పల్లంలో, వర్షాకాలం మూడు నెలలు చెమ్మ ఊరే చోట ఊకను ఎండుగా ఉంచడం ఎవరి తరమూ కాదు. అక్కడ స్తంభాల మీద కేజ్‌లే సరి. అలాగే మీరు ఊళ్లో ఉండి, షెడ్డును పొద్దునా సాయంత్రం మాత్రమే చూసుకునేట్టయితే కూడా కేజ్‌లే. ఊక పరుపు మధ్యాహ్నం కూడా మనిషిని అడుగుతుంది.

ఇళ్లకు దగ్గరగా స్థలం ఉంటే మాత్రం కేజ్ వేసే ముందు ఈగల సంగతి రెండుసార్లు ఆలోచించండి.

ఏది ఎంచుకున్నా, 72 వారాలకు బ్యాచ్ తీసేశాక ఖాళీ రోజులు లెక్కలో రాసుకోండి. డీప్ లిట్టర్ మొత్తం ఎత్తేసి, గచ్చు కడిగి, ఆరాక సున్నం కొట్టి రెండు మూడు వారాలు ఖాళీగా ఉంచాలి. పాత ఊక మీదే కొత్త పెట్టలను వదిలితే పాత బ్యాచ్ రోగాలు వాటికి అంటుతాయి. కేజ్‌లనైతే తీగ తీగా బ్రష్‌తో గీకి, నీళ్లతో కడిగి, మంట తుపాకీతో కాల్చండి. మూలల్లో, అతుకుల్లో దాగే గోమార్లు, పేలు మందుకంటే మంటకే బాగా లొంగుతాయి.